రాత్రి బాగున్న ఆవు తెల్లారేసరికి చనిపోయింది, ముక్కులో నల్ల రక్తం. కోసి చూడొచ్చా?

చిట్టిదూడ · ఉదయం 6:40

అందరికీ నమస్కారం. కొంచెం త్వరగా జవాబివ్వండి, కళేబరం ఇంకా పాక పక్కనే పడి ఉంది.

నిన్న సాయంత్రం ఆవు బాగానే మేసింది. పాలు కూడా ఎప్పటిలాగే ఇచ్చింది. తెల్లవారి చూస్తే పక్కకి పడిపోయి ఉంది. పొట్ట డోలులా ఉబ్బింది. ముక్కులోంచి, వెనక నుంచి నల్లటి రక్తం కారింది. అది ఇంతవరకూ గడ్డకట్టలేదు, తారులాగా జారుతూనే ఉంది. కాళ్లు కూడా పూర్తిగా బిగుసుకోలేదు.

చుట్టూ చేరినవాళ్లు తలా ఒక మాట అంటున్నారు. పాము కరిచిందని ఒకరు, ప్లాస్టిక్ మింగిందని ఒకరు. పొట్ట కోసి చూస్తే తెలిసిపోతుంది కదా అంటున్నారు. బీమా ఉంది కాబట్టి పోస్ట్‌మార్టం లేకపోతే డబ్బు రాదని కూడా భయపెడుతున్నారు. తోలు తీసే మనిషి కత్తితో వచ్చి నిలబడ్డాడు. ఏం చేయమంటారు?

గొడ్లసావిడి · 6:52

అయ్యో. మాకూ ఇలాగే జరిగింది, పొట్ట ఉబ్బి రాత్రికి రాత్రి పోయింది. తడి మేత ఎక్కువైతే కడుపులో నురగ కట్టి ఊపిరాడదు. మిగతా పశువులకి వెంటనే నూనె తాగించండి, ఎడమ డొక్క మీద గట్టిగా రుద్దండి. మరీ ఉబ్బితే డొక్కలో గొట్టం దించి గాలి తీయించాలి. ఆలస్యం చేయకండి.

పచ్చగడ్డి · 6:58

సావిడి గారూ, ఆయన అడిగింది బతికున్న పశువు గురించి కాదు. చచ్చిన ఏ పశువుకైనా కొన్ని గంటల్లో పొట్ట ఉబ్బుతుంది. అడుగుతున్నది కళేబరం కోయాలా వద్దా అని. పైగా గడ్డకట్టని నల్ల రక్తం ఉబ్బరంలో రాదు. చిట్టిదూడ గారూ, డాక్టర్ చూసేదాకా కత్తి తగలనివ్వకండి. నాకు దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్‌లాగే అనిపిస్తోంది.

స్లయిడ్‌గాజు · 7:05

నేను పశువైద్యురాలిని, వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లో పని. ముందు నాలుగు మాటలు, వివరం తర్వాత.

కోయొద్దు. తోలు తీయొద్దు. ఈడ్చొద్దు. కత్తి పట్టుకున్న ఆయన్ని దూరంగా పంపండి. కుక్కల్ని కట్టేయండి. ఒక టార్పాలిన్ తెచ్చి కళేబరం మీద కప్పి అంచులకి బరువులు పెట్టండి. మీ దగ్గరి పశువైద్యుడికి ఫోన్ చేసి "ఆంత్రాక్స్ అనుమానం" అనే మాట వాడండి. "ఆవు చనిపోయింది" అని మాత్రమే చెబితే పోస్ట్‌మార్టం సరంజామాతో వస్తారు, ఈ మాట చెబితే రక్తపు చుక్క పరీక్షకి గాజు స్లయిడ్లతో వస్తారు.

రెండు ప్రశ్నలకి జవాబివ్వండి. ఈ మధ్య చుట్టుపక్కల ఇంకేదైనా పశువు ఇలా చనిపోయిందా? ఆ రక్తాన్ని చేత్తో ఎవరైనా ముట్టుకున్నారా?

చిట్టిదూడ · 7:21

డాక్టర్‌కి ఫోన్ చేశాను, బయల్దేరారు. టార్పాలిన్ కప్పాం.

అవును మేడమ్, కొద్ది రోజుల క్రితం పక్క పొలం వాళ్ల గేదె ఇలాగే హఠాత్తుగా పోయింది. ఎండ దెబ్బ అనుకున్నారు. దాన్ని అక్కడే కోసి తోలు తీశారు, మిగిలింది వాగు గట్టున పడేశారు. మా ఆవు అదే గట్టున మేసేది. చాలాకాలం ఎండగొట్టి మొన్ననే వాన పడింది, గడ్డి ఇంకా పొట్టిగానే ఉంది.

రక్తం మా తమ్ముడు గోనెపట్టాతో తుడిచాడు. గ్లౌజులు లేవు. కుక్క కూడా కొంచెం నాకింది.

స్లయిడ్‌గాజు · 7:48

మీరు చెప్పినదాంట్లో కథంతా ఉంది. పిడుగు పడినా, పాము కరిచినా, విషపు మేత తిన్నా పశువు హఠాత్తుగానే చనిపోతుంది. కానీ గడ్డకట్టని రక్తం, బిగుసుకోని కాళ్లు, అదే మేత భూమిలో అంతకు ముందు మరో చావు, ఎండ తర్వాత వాన, ఇవన్నీ ఒకచోట కలిస్తే స్లయిడ్ చూసేదాకా ఆంత్రాక్స్ అనే అనుకోవాలి. ఇంకో మాట, రక్తం కారలేదు కాబట్టి ఆంత్రాక్స్ కాదు అని ఎవరూ అనుకోకూడదు. చాలా కళేబరాల్లో అసలు కారదు.

తమ్ముడిని ఇప్పుడే సబ్బుతో, పారే నీళ్లతో చేతులు మోచేతుల దాకా బాగా కడుక్కోమనండి. శానిటైజర్ రాసుకుంటే చాలనుకోవద్దు, ఆల్కహాల్ ఈ క్రిమి గింజల్ని, అంటే అది గట్టి పెంకు కట్టుకున్న రూపాన్ని, చంపలేదు. చేతి మీద గీతలు, పుళ్లు ఉన్నాయేమో చూడండి. ఈరోజే మనుషుల డాక్టర్‌కి చూపించి జరిగింది చెప్పాలి. గోనెపట్టా విసిరేయకండి, కళేబరం దగ్గరే ఉంచండి, దాంతోపాటే పోవాలి.

ఇక ఎందుకు కోయకూడదో చెబుతాను, ఎందుకంటే "డాక్టర్ వద్దన్నారు" అంటే జనం వినరు.

చనిపోయే ముందు ఆ పశువు రక్తంలో క్రిమి విపరీతంగా పెరుగుతుంది. ఒక్క మిల్లీలీటరులో పది కోట్ల దాకా ఉండొచ్చు. కానీ ఒంట్లో ఉన్నంతసేపూ అది మెత్తటి రూపంలోనే ఉంటుంది, ఆ రూపంలో దానికి బలం లేదు. కళేబరం మూసి ఉంటే లోపల ఆక్సిజన్ అయిపోతుంది, పేగుల్లోంచి కుళ్లు క్రిములు బయల్దేరి దీన్ని మించిపోతాయి. వేడి వాతావరణంలో మూడు నాలుగు రోజుల్లో లోపలున్న ఆంత్రాక్స్ క్రిమి చాలామటుకు తనంతట తానే చచ్చిపోతుంది. అంటే తోలు చెక్కుచెదరకుండా ఉంటే కళేబరమే మన పని సగం చేసిపెడుతుంది.

కత్తి పెట్టగానే ఇదంతా తలకిందులవుతుంది. రక్తానికి గాలి తగులుతుంది. గాలి, కాస్త వెచ్చదనం, తేమ దొరికితే కొన్ని గంటల్లోనే క్రిమి గింజ కట్టడం మొదలెడుతుంది, ఒకటి రెండు రోజుల్లో పూర్తవుతుంది. ఆ గింజకి ఎండ, చలి, కరువు, మామూలు ఫినాయిల్ లెక్కలేదు. మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. మీ పక్క పొలంలో గేదెని కోసినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే అని నా అనుమానం.

మూలప్రశ్న · 8:02

మేడమ్, ఒక సందేహం. ముక్కులోంచి ఎలాగూ రక్తం కారింది, దానికి గాలి తగిలింది. మరి కోయకపోయినా గింజలు పుట్టినట్టేగా? అప్పుడు ఈ జాగ్రత్తంతా ఎందుకు?

స్లయిడ్‌గాజు · 8:10

మంచి ప్రశ్న. అవును, కారిన చోట గింజలు పుడతాయి, అందుకే ముక్కు కింది మట్టి కూడా కళేబరంతో సమానమే అంటాం. తేడా మోతాదులో ఉంది. ముక్కు దగ్గర కారింది ఒక గిన్నెడు. పెద్ద ఆవు ఒంట్లో ఉన్న రక్తం ముప్ఫై లీటర్ల పైమాట. గిన్నెడు రక్తం ఇంకిన మట్టిని తవ్వి తీయగలం. కోసిన చోట అది నేల మీద, కత్తి మీద, బట్టల మీద, నీళ్లలో, కుక్క నోట్లో, గద్ద కడుపులో ఎక్కడెక్కడికి పోయిందో ఎవరూ వెతికి పట్టుకోలేరు.

బీమాపత్రం · 8:15

నేను పశు బీమా క్లెయిములు చూసేవాణ్ణి. పోస్ట్‌మార్టం లేకపోతే క్లెయిమ్ పోతుందనే భయంతోనే చాలామంది కళేబరం కోయిస్తారు. చెవి ట్యాగ్ కనిపించేలా, కళేబరం మొత్తం కనిపించేలా దూరం నుంచి ఫోటోలు తీయండి. డాక్టర్ చేత "ఆంత్రాక్స్ అనుమానం వల్ల పోస్ట్‌మార్టం చేయలేదు, రక్తపు స్మియర్ తీశాం" అని రాయించుకోండి. ల్యాబ్ రిపోర్టు దానికి జత చేయండి. పాలసీ ఇచ్చినవాళ్లకి పాతిపెట్టకముందే ఫోన్‌లో చెప్పి, చెప్పిన సమయం రాసి పెట్టుకోండి. ట్యాగ్ కోసం చెవి కోయొద్దు.

స్లయిడ్‌గాజు · 8:19

బీమాపత్రం గారు చివర చెప్పిన మాట చాలా ముఖ్యం. పాతకాలంలో చెవి కొన కోసి ల్యాబ్‌కి పంపేవారు. కోసిన చోట నుంచి రక్తం కారుతూనే ఉంటుంది కాబట్టి ఇప్పుడు అది వద్దంటాం. చెవి సిర నుంచి సన్నటి సూదితో ఒక చుక్క చాలు.

చిట్టిదూడ · 10:34

డాక్టర్ గారు వచ్చి వెళ్లారు. ఎలా చేశారో చెబుతాను, మిగతావాళ్లకి ఉపయోగపడుతుంది.

గ్లౌజులు రెండు జతలు వేసుకున్నారు, మాస్క్, పొడవు బూట్లు. టార్పాలిన్ తల వైపు మాత్రమే ఎత్తారు. చెవి వెనక సిరలో సూది గుచ్చి ఒక చుక్క తీసి రెండు గాజు స్లయిడ్ల మీద పలచగా పూశారు. గుచ్చిన చోట ఫార్మలిన్ అనే క్రిమినాశక ద్రావణంలో తడిపిన దూది అదిమి పట్టుకున్నారు. తర్వాత ముక్కు రంధ్రాల్లో, నోట్లో, వెనక భాగంలో ఫార్మలిన్‌లో నానబెట్టిన గుడ్డ కుక్కారు. తలకి మందపాటి ప్లాస్టిక్ సంచి తొడిగి కట్టారు, తోక వైపు కూడా అలాగే. సూదిని గట్టి డబ్బాలో వేసుకున్నారు, గ్లౌజులు ఇక్కడే వదిలారు.

తమ్ముడిని ఆసుపత్రికి పంపాం. స్లయిడ్ ఫలితం మధ్యాహ్నానికి చెబుతామన్నారు. ఈలోగా పాతడమా, కాల్చడమా తేల్చుకోమన్నారు. ఇక్కడ టెన్షన్‌గా ఉంది, ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు.

సున్నపుబట్టీ · 10:50

పాతేయండి, అదే తేలిక. మూడు అడుగుల గొయ్యి తవ్వి, కింద సున్నం, పైన సున్నం దట్టంగా వేస్తే క్రిమి అనేది మిగలదు. గోతిలో పట్టకపోతే కాళ్లు మడిచి కట్టండి. పొట్టకి రెండు పోట్లు పొడిస్తే గాలి పోయి మట్టి పైకి లేవకుండా ఉంటుంది. నేను చాలా కళేబరాలు ఇలాగే పూడ్పించాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

స్లయిడ్‌గాజు · 11:06

సున్నపుబట్టీ గారూ, మామూలుగా చనిపోయిన పశువుకి మీరు చెప్పింది చాలావరకు సరిపోతుంది. పొట్టకి పోటు పెట్టమని పూడ్చే పద్ధతుల్లో రాసి కూడా ఉంటుంది. ఆంత్రాక్స్‌కి మాత్రం అదే కొంప ముంచుతుంది. పొట్ట పొడవడం అంటే కళేబరం తెరవడమే. కాళ్లు మడవడానికి కీళ్లు కోసేవాళ్లూ ఉన్నారు, అదీ అంతే. గొయ్యి చిన్నదైతే గొయ్యినే పెంచాలి.

లోతు మూడు అడుగులు చాలదు. కనీసం రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు తవ్వాలి. పశువు దిగాక పొట్ట పైభాగం నుంచి నేల మట్టానికి కనీసం ఒక మీటరు మట్టి పడాలి. పెద్ద ఎద్దయితే రెండు మీటర్లు కూడా సరిపోవు, దాని పొట్ట ఎత్తు కొలిచి తవ్వండి. పొట్ట ఉబ్బి మట్టి లేస్తుందన్న భయం నిజమే. దానికి పైన గుట్టలా ఎక్కువ మట్టి పోయండి, తర్వాత కుంగితే మళ్లీ నింపండి.

సున్నం మాటకి వస్తే, చాలా చోట్ల మార్గదర్శకాల్లో ఇప్పటికీ సున్నం వేయమనే ఉంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆంత్రాక్స్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం వద్దన్నారు. కాల్షియం ఉన్న మట్టిలో ఈ గింజలు ఎక్కువకాలం నిలుస్తాయని అనుభవం, ఆంత్రాక్స్ పదే పదే వచ్చే భూములు ఎక్కువగా సున్నం ఉన్న క్షార నేలలే. నేను వేయించను. మీ ప్రాంతపు అధికారి వేయమని రాసిస్తే అక్కడ వాదించి పని ఆపకండి, లోతు తగ్గకపోవడం దానికన్నా ముఖ్యం.

సున్నపుబట్టీ · 11:15

మేడమ్, మీ మాట మీద గౌరవం ఉంది కానీ సున్నం విషయం నాకు మింగుడు పడటం లేదు. పొడి సున్నం మీద తడి పడితే చేయి కాలేంత వేడి పుడుతుంది. క్రిమి చావదా?

స్లయిడ్‌గాజు · 11:22

తగిలిన చోట మెత్తటి రూపం చస్తుంది. గింజని చంపాలంటే తడి ఆవిరిలో 121 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచాలి, ల్యాబ్‌లో మేం అలా చేస్తాం. గోతిలో చల్లిన సున్నం మొత్తం కళేబరాన్ని, చుట్టూ మట్టిని అంత వేడిలో అంతసేపు ఉంచలేదు. పై తోలు మాత్రం తెల్లబడుతుంది.

గునపం · 11:31

నాది తవ్వకాల పని, బోర్లు, పునాదులు, ఇలాంటి గోతులు కూడా. గోతి చోటు గురించి రెండు మాటలు. గొయ్యి కళేబరం దగ్గరికి రావాలి, కళేబరం గోతి దగ్గరికి కాదు. పక్కనే తవ్వి ఒక్క దొర్లింపుతో దించాలి. తాడు కట్టి ట్రాక్టర్‌తో పొలం అడ్డంగా లాగితే దారి పొడుగునా రక్తం గీత పడుతుంది, ఆ గీత మీద గడ్డి మొలుస్తుంది.

రెండోది నీరు. తవ్వుతుంటే అడుగున ఊట కనబడితే అక్కడ ఆపేయాలి, ఆ గొయ్యి పనికిరాదు. వానాకాలంలో నీటిమట్టం పైకి వస్తుంది, ఆ మట్టానికి కూడా కనీసం ఒక మీటరు పైనే గోతి అడుగుభాగం ఉండాలి. చిట్టిదూడ గారు తమ ఆవు వాగు గట్టున మేసేదన్నారు కాబట్టి నాకు అనుమానమే. బావికి, వాగుకి దగ్గరైతే పాతొద్దు.

చిట్టిదూడ · 12:20

గునపం గారూ, మీరన్నట్టే అయింది. కళేబరానికి ఇరవై అడుగుల దూరంలో పరీక్షగా ఒక గుంట తవ్వాం. నాలుగున్నర అడుగులకే చెమ్మ, ఐదుకి ఊట. ఇప్పుడేం చేయాలి?

పచ్చగడ్డి · 12:26

అయితే కాల్చడమే. కానీ నేను చూసిన ఒక దహనం సగంలో ఆగిపోయింది. పుల్లలు పేర్చి పైన పశువుని పెట్టి కిరోసిన్ పోసి అంటించారు. తోలు కాలింది, పొట్ట పగిలి లోపలి నీళ్లన్నీ మంట మీద పడ్డాయి, కింద చల్లారిపోయింది. సగం కాలిన కళేబరం మూసి ఉన్నదానికంటే అధ్వానం. కట్టెలు చాలకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

స్లయిడ్‌గాజు · 12:45

పచ్చగడ్డి గారు చెప్పింది నిజం, కాల్చడంలో తరచూ తప్పేది ఇక్కడే. మంటకి కింద నుంచి గాలి రావాలి. అందుకు ముందు ఒక కందకం తవ్వాలి, పశువు ఒంటికంటే కాస్త పొడుగు, వెడల్పు, అడుగున్నర లోతు. గాలి వీచే దిక్కుకి దాని అడుగున ఇంకో సన్నటి కాలువ. కందకంలో ఎండుగడ్డి, దాని మీద సన్న కట్టెలు, పైన అడ్డంగా ఇనుప పట్టాలో పచ్చి దుంగలో వేసి, వాటి మీద మొద్దు కట్టెలు, ఆపైన పశువు. పశువు నేలకి ఆనకూడదు. డీజిల్ వాడండి, పెట్రోల్ వద్దు, అది భగ్గున లేచి మనుషుల్ని కాలుస్తుంది, వేడి నిలవదు. పెద్ద పశువుకి కట్టెలు బండి లెక్కన కాదు, టన్నుల లెక్కన కావాలి. ఎముకలు తెల్లగా పొడిపొడి అయ్యేదాకా ఒకరు ఉండి కట్టెలు ఎగదోస్తూ ఉండాలి. రాత్రంతా పడుతుంది.

పశువు పడి ఉన్నచోట రక్తం ఇంకిన మట్టి అరడుగుకి పైగా, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు వరకు తీసి ఆ మంటలోనే వేయాలి. ముందు దాని మీద ఫార్మలిన్ ద్రావణం చల్లి తడపండి, దుమ్ము లేవదు. గోనెపట్టా, గ్లౌజులు, టార్పాలిన్, ఆ పాకలోని మేత, పేడ అన్నీ అందులోకే.

మూలప్రశ్న · 12:58

కట్టెలు దొరక్కపోతే? మేడమ్, మీరే అన్నారు కదా మూసి ఉంచితే నాలుగు రోజుల్లో లోపల క్రిమి చస్తుందని. అలాగే కప్పి, కంచె వేసి, ఐదో రోజు వేరే చోటికి తీసుకెళ్లి పాతితే?

స్లయిడ్‌గాజు · 13:10

పెద్ద అడవుల్లో, మనుషులు తిరగని చోట కొందరు అలాగే కప్పి వదిలేస్తారు. దానికి నేను పూర్తిగా కాదనను, వేరే దారి లేనప్పుడు తెరవడం కన్నా అది నయం. కానీ నాలుగు రోజులు కుక్క, పంది, గద్ద ఒక్కటి కూడా రాకూడదు, ఒక్క పంటి గాటు పడినా లెక్క మారిపోతుంది. చలికాలంలో కుళ్లడం ఆలస్యమవుతుంది, అప్పుడు ఆ లెక్క పనిచేయదు. ఐదో రోజు కదిపితే తోలు ఊడి పగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. పాక పక్కన, ఇంటి దగ్గర నేనైతే ఒప్పుకోను.

వార్డునర్సు · 13:24

మనుషుల సంగతి ఎవరైనా మరిచిపోతారేమో అని రాస్తున్నాను. తమ్ముడిని డాక్టర్ చూసి ఉంటారు, అయినా రాబోయే రోజుల్లో చేతులు, మొహం, మెడ రోజూ చూసుకోమనండి. ముందు దోమ కుట్టినట్టు దురదగా చిన్న పొక్కు లేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో నీటి బుడగ, ఆపైన మధ్యలో బొగ్గులా నల్ల చెక్కు కట్టి చుట్టూ వాపు వస్తుంది. నొప్పి ఉండదు, అందుకే జనం పట్టించుకోరు. గిల్లొద్దు, పిండొద్దు. ఈ దశలో యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది, వదిలేస్తే కొందరిలో ప్రాణం మీదికి వస్తుంది.

చిట్టిదూడ గారూ, ఆ గేదెని కోసినవాళ్లు ఎలా ఉన్నారు? దాని మాంసం ఎవరైనా తిన్నారా?

చిట్టిదూడ · 13:52

ఇప్పుడే కనుక్కున్నాను. తోలు తీసిన ఆయన ముంజేతి మీద సరిగ్గా మీరు చెప్పినట్టే నల్ల చెక్కు ఉంది. తేలు కుట్టిందనుకుని పసరు రాస్తున్నాడట. బైక్ మీద ఎక్కించి పంపించాం. మాంసం ఇద్దరు పట్టుకెళ్లారని విన్నాను, వాళ్లింటికి మా నాన్న వెళ్లాడు.

వార్డునర్సు · 13:56

మాంసం తిన్నవాళ్లకి వాంతులు, కడుపునొప్పి, జ్వరం, రక్త విరేచనాలు ఏది ఉన్నా ఆగకుండా వెళ్లాలి. ఏమీ లేకపోయినా వెళ్లి చెప్పాలి. మిగిలిన మాంసం ఫ్రిజ్‌లో ఉంటే పారేయొద్దు, కుక్కలకి వేయొద్దు, కాల్చేదాంట్లో కలిపేయండి. డాక్టర్‌కి చెప్పేటప్పుడు "హఠాత్తుగా చనిపోయిన గేదె" అనే మాట కచ్చితంగా చెప్పాలి, లేకపోతే ఆంత్రాక్స్ ఎవరి ఆలోచనలోకీ రాదు.

చిట్టిదూడ · 15:40

స్లయిడ్ పాజిటివ్. ఫోటో పంపారు కానీ నాకు అర్థం కాలేదు. నీలం గీతలు, చుట్టూ గులాబీ రంగు.

స్లయిడ్‌గాజు · 15:51

అదే. పాలిక్రోమ్ మిథిలిన్ బ్లూ అనే రంగు వేస్తే క్రిమి ముదురు నీలంగా, చివరలు చదరంగా కోసినట్టు, రెండు మూడు ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తుంది. చుట్టూ ఉన్న గులాబీ పొర దాని కవచం. కుళ్లిన కళేబరంలో ఈ పొర చెదిరిపోతుంది, అప్పుడు స్లయిడ్ నెగటివ్ వచ్చినా నమ్మలేం, కల్చర్ చేయాలి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడాలి. మీరు పొద్దున్నే తీయించారు కాబట్టి స్పష్టంగా వచ్చింది.

పాలక్యాను · 16:05

నాకూ భయంగా ఉంది, మాది కూడా అదే గట్టు. మా దగ్గర ఆరు పశువులున్నాయి, ఈ సాయంత్రమే అన్నిటికీ టీకా, యాంటీబయాటిక్ రెండూ వేయించేస్తాను. రెండూ కలిస్తే రెట్టింపు రక్షణ కదా?

స్లయిడ్‌గాజు · 16:18

రెండూ కలిస్తే సున్నా. ఈ టీకాలో ఉన్నది బతికున్న గింజలే. 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన, కవచం కట్టలేని రకం అది. పెన్సిలిన్ ఒంట్లో ఉంటే ఆ టీకా క్రిమినే చంపేస్తుంది, రక్షణ పుట్టదు.

ముందు ఆరింటికీ థర్మామీటర్ పెట్టండి. జ్వరం ఉన్నదాన్ని వేరు చేసి డాక్టర్ చేత యాంటీబయాటిక్ వేయించండి, దానికి కోర్సు అయ్యాక కనీసం వారం పది రోజులు ఆగి టీకా. జ్వరం లేనివాటికి టీకా. ఆ గట్టు వైపు ఒక్కదాన్నీ వదలొద్దు. టీకా వేసిన రోజే రక్షణ రాదు, వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఈలోగా రోజూ రెండు పూటలా జ్వరం చూడాలి.

అన్నిటికీ ముందు యాంటీబయాటిక్ వేసి తర్వాత టీకా వేయాలా, ఆరోగ్యంగా ఉన్నవాటికి నేరుగా టీకా వేయాలా అన్నదాంట్లో డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. చావులు రోజూ జరుగుతుంటే నేను మొదటిదాని వైపు మొగ్గుతాను. మీ మందని కళ్లారా చూసిన డాక్టర్ మాట వినండి.

చిట్టిదూడ · 16:40

మా రెండో ఆవుకి 41.3 డిగ్రీలు. మేత మామూలుగానే తింటోంది! డాక్టర్ గారు వచ్చి ఇంజక్షన్ వేస్తున్నారు. చనిపోయిన ఆవు నిన్న ఇచ్చిన పాలు కొన్ని ఇంట్లో ఉన్నాయి, వాటిని ఏం చేయాలి?

స్లయిడ్‌గాజు · 16:47

ఎవరూ తాగొద్దు, దూడకీ పట్టొద్దు. పాలు ఫార్మలిన్ కలిపి ఆ కందకంలోనే పోయండి, కాలువలో పారబోయొద్దు. జ్వరం ఉన్న ఆవు పాలు, చికిత్స అయ్యి డాక్టర్ చెప్పేదాకా అలాగే. మంద నుంచి పాలు, పశువులు బయటికి వెళ్లడం ఆపండి. చివరి చావు తర్వాత కనీసం 20 రోజులు కొత్తది ఏదీ రాకపోతేనే ఆంక్ష ఎత్తేయడం మామూలు పద్ధతి.

చిట్టిదూడ · మర్నాడు, ఉదయం 9:15

రాత్రంతా కాల్చాం. మొదట పచ్చగడ్డి గారు చెప్పినట్టే మంట మధ్యలో మందగించింది, కందకం అడుగు కాలువ బూడిదతో పూడుకుపోయింది. పొడుగు ఇనుప కడ్డీతో లాగి తెరిస్తే మళ్లీ లేచింది. తెల్లవారేసరికి ఎముకలు చేతికర్రతో తాకితే పొడి అవుతున్నాయి. బూడిద ఆ కందకంలోనే ఉంచి మట్టి కప్పాం. రెండో ఆవుకి జ్వరం 39కి దిగింది. తమ్ముడు బాగానే ఉన్నాడు, తోలు తీసిన ఆయన్ని ఆసుపత్రిలో ఉంచారు.

ఇప్పుడు మిగిలింది వాగు గట్టు. గేదె పేగులు, తల ఇంకా అక్కడే చెల్లాచెదురుగా ఉన్నాయి, కుక్కలు లాక్కెళ్లినవి ఎక్కడున్నాయో కూడా తెలియదు.

గునపం · 9:30

దొరికినవన్నీ ముళ్లపారతో ఎత్తి ఒకచోట చేర్చి అక్కడే కాల్చండి, పారని తర్వాత మంటలో ఎర్రగా కాల్చండి. మనిషికి మాస్క్ తప్పనిసరి, గాలికి ఎదురుగా నిలబడొద్దు.

మూలప్రశ్న · 9:44

మరి ఆ గట్టు మీద మళ్లీ ఎప్పుడు మేపొచ్చు?

స్లయిడ్‌గాజు · 10:02

దీనికి నేను ఒక తేదీ చెప్పలేను. 1942, 43లలో బ్రిటన్ సైన్యం స్కాట్లాండ్ పక్కనున్న గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో గొర్రెల మీద ఆంత్రాక్స్ ప్రయోగాలు చేసింది. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ని సముద్రపు నీళ్లలో కలిపి నేలంతా తడిపితే గానీ అది శుభ్రపడలేదు, 1990లో సురక్షితమని ప్రకటించారు. 2016లో సైబీరియాలోని యమల్‌లో రెండు వేలకి పైగా రెయిన్‌డీర్లు చనిపోయాయి, ఒక పన్నెండేళ్ల అబ్బాయి కూడా. అక్కడ 2007లోనే టీకాలు ఆపేశారు, గడ్డకట్టిన నేల కరిగి పాత కళేబరాల గింజలు బయటపడ్డాయని అంచనా.

మీ గట్టంతా అలా అయిందని కాదు. గేదెని కోసిన చోటు, పేగులు పడ్డ చోటు చుట్టూ కంచె వేయండి, దున్నొద్దు, అక్కడి గడ్డి కోసి ఇంట్లో పశువులకి కూడా వేయొద్దు. మిగతా గట్టు మీద మేపాలంటే ప్రతి పశువుకీ ఏటా టీకా పడాలి, మేత మొదలుకి కనీసం నెల ముందే. వాగు పొంగితే గింజలు దిగువకి కొట్టుకుపోతాయి, కాబట్టి కింద ఉన్న పొలాలవాళ్లకి ఈ సంగతి ఇప్పుడే చెప్పాలి.

పాలక్యాను · 10:11

దిగువన మా బంధువులవే మూడు మందలున్నాయి. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. మేడమ్, గొర్రెలకి మోతాదు ఆవులకి వేసినంతేనా?

స్లయిడ్‌గాజు · 10:15

సీసా మీద వేరుగా రాసి ఉంటుంది, గొర్రెలకి తక్కువ. మేకలకి ఇదే టీకా ఒక్కోసారి గట్టిగా పడుతుంది, వాటిని టీకా తర్వాత దగ్గరుండి చూడమనండి. డాక్టర్ వేసేదాకా ఎవరూ సొంతంగా వేయొద్దు, సూది వేలికి గుచ్చుకుంటే అదో తలనొప్పి.